చనిపోయిన మనిషి పేరున రెన్యూ అయిన కారు పాలసీ: ఒక కేస్ స్టడీ

కారు 1,197 సీసీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 2022 ఆగస్టు 22న గుంటూరు జిల్లాలో కొన్నారు. ఆర్సీ తండ్రి పేరున ఉంది. ఆయన 2024 జులై 4న గుండెపోటుతో పోయారు. వెనక భార్య, కొడుకు, కూతురు ఉన్నారు. ఆయన అన్న ఇంట్లో ఉంటున్న ఆయన తల్లి కూడా బతికే ఉంది. కూతురు డాలస్‌లో ఉంటుంది. కారు నడిపేది కొడుకే. భార్యకు లైసెన్సు లేదు. బ్యాంకు లోను మేలో తీరిపోయింది గానీ ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే బ్యాంకు తాకట్టు నమోదు, అలాగే ఉంది. ఆర్సీలో నామినీ పేరు లేదు.

ఇన్సూరెన్సు రెండు కాగితాల మీద ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు, ఎదుటివారికి జరిగే నష్టానికి ఉండే థర్డ్ పార్టీ కవరు మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. అందుకని కొన్నప్పుడు షోరూంలో ఇచ్చిన పాలసీలో థర్డ్ పార్టీ భాగం 2025 ఆగస్టు 21 దాకా ఉంది, సొంత కారు నష్టానికి ఉండే ఓన్ డ్యామేజ్ భాగం ఏడాదికే. రెండో ఏడాది ఆ ఓన్ డ్యామేజ్‌ను ఇంకో కంపెనీలో విడిగా తీసుకున్నారు. దాని గడువు 2024 ఆగస్టు 21. అంటే ఒకే కారుకు రెండు కంపెనీలు, రెండు పాలసీలు, రెండు గడువు తేదీలు. కుటుంబంలో ఎవరికీ ఈ సంగతి స్పష్టంగా తెలియదు. కొడుక్కి తెలిసిందల్లా ఫోన్లో ఉన్న ఒక్క పీడీఎఫ్, అందులో 2025 అని ఉన్న తేదీ.

ఇలాంటి కేసుల్లో మొదట చేయాల్సింది కాగితాల మీద ఉన్న గడువు తేదీల్ని పక్కనపెట్టి, చనిపోయిన తేదీ నుంచి లెక్క మొదలుపెట్టడం. డెత్ సర్టిఫికెట్ జారీ అయిన తేదీ కాదు, అందులో రాసిన మరణ తేదీ. అక్కణ్ణుంచి రెండు గడియారాలు నడుస్తాయి.

ఒకటి ఆర్టీవో గడియారం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 56వ నియమం ప్రకారం, యజమాని పోయాక బండి ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు మూడు నెలల పాటు దాన్ని తమ పేరు మీదికి మారినట్టే వాడుకోవచ్చు. కానీ దీనికి ఒక షరతుంది. మరణం జరిగిన 30 రోజుల్లోపు ఫలానా యజమాని పోయారని, బండి తాము వాడుకోదలిచామని రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. ఆ మూడు నెలల్లోపే ఫారం 31లో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టాలి. ఈ కేసులో 30 రోజుల గడువు ఆగస్టు 3, మూడు నెలల గడువు అక్టోబరు 4.

రెండోది పాలసీ గడియారం. మన దేశంలో మోటారు పాలసీల వెనక పేజీల్లోని షరతుల్లో చివరి వైపు ఒక పేరా ఉంటుంది. ఏకైక పాలసీదారు చనిపోతే పాలసీ వెంటనే రద్దు కాదు. మరణం నుంచి మూడు నెలలు, లేదా పాలసీ గడువు, ఈ రెండింటిలో ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. ఆ లోపు వారసులు పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి, లేదా కొత్త పాలసీ తీసుకోవాలి. దరఖాస్తుతో పాటు డెత్ సర్టిఫికెట్, బండి తమదేనని చూపే రుజువు, ఒరిజినల్ పాలసీ ఇవ్వాలి.

‘ఏది ముందైతే’ అన్న ఆ రెండు మాటలే ఈ కారు విషయంలో చక్రం తిప్పాయి. ఓన్ డ్యామేజ్ పాలసీకి మూడు నెలలు దక్కలేదు, 48 రోజుల్లోనే ఆగస్టు 21న దాని గడువు అయిపోయింది. థర్డ్ పార్టీకి ఇది తిరగబడింది. కాగితం మీద ఇంకా ఏడాది ఉన్నట్టు కనబడుతున్నా, షరతు ప్రకారం అది నిలబడేది అక్టోబరు 4 దాకానే. చేతిలో 2025 తేదీ ఉన్న పీడీఎఫ్ పెట్టుకుని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

ఆగస్టు 20 రాత్రి జరిగింది

గడువు దగ్గర పడుతోందని తండ్రి ఫోనుకు మెసేజులు వస్తున్నాయి. కొడుకు ఆ ఫోన్లోనే లింకు నొక్కాడు. నిరుటి వివరాలన్నీ నింపే ఉన్నాయి. పేరు, నామినీ, క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే 25 శాతం నో క్లెయిమ్ బోనస్ అన్నీ సిద్ధంగా కనిపించాయి. మూల ప్రీమియం 8,400, అందులో 25 శాతం బోనస్ పోగా 6,300, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,134, మొత్తం 7,434 రూపాయలు కట్టాడు. నిమిషంలో కొత్త పాలసీ వచ్చింది, పాలసీదారు పేరు దగ్గర తండ్రి పేరుతో.

ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. ఇలా చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. కానీ అది జులైలో పోయిన మనిషి ఆగస్టులో కుదుర్చుకున్న ఒప్పందం. పాలసీ మధ్యలో యజమాని పోవడం వేరు, పోయాక ఆయన పేరున కొత్త పాలసీ పుట్టడం వేరు. మొదటిదానికి పైన చెప్పిన మూడు నెలల షరతు అండగా నిలబడుతుంది. రెండోదాన్ని కాపాడే షరతు ఏదీ లేదు. ఏటా రెన్యువల్ అంటే ఉన్న పాలసీని పొడిగించడం అనుకుంటాం గానీ, చట్టం దృష్టిలో అది ప్రతిసారీ కొత్త ఒప్పందమే. ప్రీమియం తీసుకున్నారు కదా అన్న వాదన ఇక్కడ ఎక్కువ దూరం పోదు. కంపెనీ తీసుకున్నది తప్పు వివరాల మీద, తిరిగి ఇచ్చేస్తే దాని బాధ్యత తీరినట్టే.

సెప్టెంబరు 9న తెనాలి దారిలో ముందు వెళ్తున్న ట్రాక్టరు ట్రాలీ కింద కారు ముక్కు ఇరుక్కుంది. మనుషులకు ఏమీ కాలేదు. వర్క్‌షాపులో సర్వేయరు వచ్చి ఫోటోలు తీసుకుని క్లెయిమ్ ఫారం అందించాడు. కింద ‘పాలసీదారు సంతకం’ అని గడి ఉంది.

“నాన్నగారిని ఒకసారి పిలుస్తారా, ఆయన సంతకం కావాలండీ” అన్నాడు సర్వేయరు.

“నాన్న లేరండీ. జులైలో పోయారు” అన్నాడు అబ్బాయి.

సర్వేయరు పాలసీ మొదలైన తేదీ చూశాడు, డెత్ సర్టిఫికెట్ తేదీ చూశాడు. అంతే, ఫారం మళ్లీ ఫైల్లో పెట్టుకున్నాడు. మూడు వారాల తర్వాత క్లెయిమ్ నిరాకరిస్తూ ఉత్తరం వచ్చింది. పాలసీని మొదటి నుంచి చెల్లనిదిగా రద్దు చేసి ప్రీమియం వెనక్కి ఇచ్చారు.

పోయింది ఎంతో లెక్క కట్టి చూస్తే తెలుస్తుంది. వర్క్‌షాపు బిల్లు 86,000. అందులో బానెట్, రేడియేటరు సపోర్టు లాంటి లోహపు భాగాలు 34,000, బంపరు, గ్రిల్, హెడ్‌లైట్ల లాంటి ప్లాస్టిక్ 26,000, కూలి 14,000, పెయింటు 12,000. తరుగుదల కోయకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ యాడ్ ఆన్ లేదు. కారుకు రెండేళ్లు దాటాయి కాబట్టి లోహం మీద 15 శాతం తరుగుదల, అంటే 5,100. ప్లాస్టిక్ మీద 50 శాతం, అంటే 13,000. పెయింటులో నాలుగో వంతును సామగ్రి ఖర్చుగా తీసుకుని దాని మీద సగం కోస్తారు, అంటే 1,500. 1,500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి కోత 1,000. ఇవన్నీ పోగా చెల్లే పాలసీ ఉండి ఉంటే 65,400 వచ్చేది. కుటుంబం నష్టపోయింది ఆ మొత్తం.

ఆగస్టులో ఏం చేసి ఉండాల్సింది

లింకు నొక్కకుండా కంపెనీ బ్రాంచికి వెళ్లాల్సింది. డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర అఫిడవిట్లు, ఆర్టీవోకు ఇచ్చిన సమాచార పత్రం మీద రసీదు ముద్ర తీసుకుని, వారసుడి పేరున కొత్త ప్రపోజల్ ఫారం నింపి పాలసీ అడగాలి. ఆర్సీ ఇంకా మారలేదు కాబట్టి కొన్ని బ్రాంచీలు పాలసీదారు పేరును ‘ఫలానా కీర్తిశేషుల వారసుడు’ అన్నట్టుగా రాసిస్తాయి. ఆర్సీ మారాక దాన్ని మామూలు పేరుగా సరిచేస్తారు.

కొన్ని బ్రాంచీల్లో ఇది అంత సులువుగా కాదు. కంప్యూటరు ఆర్సీ నంబరు కొట్టగానే రవాణా శాఖ రికార్డు నుంచి పేరు లాగుతుంది, అక్కడ ఇంకా తండ్రి పేరే ఉంటుంది. “ఆర్సీ మార్చుకుని రండి” అని కౌంటర్లో అంటారు. ఆర్టీవో దగ్గరికి వెళ్తే చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్సు చూపించమంటారు. చూడటానికి ఇది తెగని ముడిలా కనిపిస్తుంది గానీ దీన్ని విప్పే కొస ఒకటుంది. ఆర్టీవోకు కావలసింది చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్సు మాత్రమే, అది వారసుడి పేరునే ఉండాలని కాదు. మూడు నెలల షరతు పుణ్యమా అని తండ్రి పేరున ఉన్న థర్డ్ పార్టీ పాలసీ అక్టోబరు 4 దాకా చెల్లుతుంది, దాన్నే ఫారం 31తో జతచేయొచ్చు. అటు పాలసీ షరతులో అడిగింది బండి మీద హక్కు చూపే రుజువు, కొత్త ఆర్సీయే అని అందులో లేదు. ఆ పేరా ఉన్న పాలసీ పేజీని ప్రింటు తీసి కింద గీతగీసి బ్రాంచి మేనేజరు ముందు పెడితే మాట మారడం తరచూ కనిపించేదే.

అయినా ఒప్పుకోకపోతే? గడువు తీరకముందే మెయిలు పెట్టి, దరఖాస్తు ఇచ్చామని, ఏ కారణంతో తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పమని అడగాలి. ఓన్ డ్యామేజ్ లేకుండా గడిచే ఆ వారాల్లో కారు షెడ్డులో ఉంచడం మంచిది. 30 రోజుల సమాచారం ఇచ్చి, థర్డ్ పార్టీ నడుస్తుంటే రోడ్డెక్కడం చట్టప్రకారం తప్పేమీ కాదు. కానీ సొట్టపోతే ఆ ఖర్చు మీది.

ఇంకో చిక్కు రెండు పాలసీలు వేర్వేరు కంపెనీల్లో ఉండటం వల్ల వస్తుంది. విడి ఓన్ డ్యామేజ్ పాలసీ ఇవ్వాలంటే థర్డ్ పార్టీ పాలసీ నంబరు, దాని పాలసీదారు పేరు అడుగుతారు. ఒకదాంట్లో తండ్రి, ఒకదాంట్లో కొడుకు ఉంటే కుదరదని ఆపేస్తారు. అందుకని ముందు థర్డ్ పార్టీ కంపెనీకి దరఖాస్తు పెట్టి, దాని రసీదుతో రెండో కంపెనీకి వెళ్లాలి. రెండింటికీ ఒకే రోజు పెట్టినా సరే, ఆ వరస మాత్రం తప్పకూడదు.

కారు ఎవరి పేరున

ఆర్సీ మీద ఒకరి పేరు తేల్చుకోవాలి. పోయినాయన భార్య, అంటే అబ్బాయి తల్లి పేరున పెడదామని ముందు ఇంట్లో అనుకున్నారు. మర్యాదగా కనిపించే నిర్ణయమే, కానీ ఇన్సూరెన్సు కోణం నుంచి చూస్తే అందులో ఒక లోటుంది.

కారు పాలసీతో పాటు యజమాని-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. అది దక్కాలంటే మనిషి మూడు కొలతలకు సరిపోవాలి. ఆర్సీలో యజమాని అయి ఉండాలి, పాలసీలో పేరు ఉండాలి, చెల్లే డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. తల్లికి లైసెన్సు లేదు కాబట్టి ఆమెకు ఈ కవరు వర్తించదు. కొడుకు నడుపుతాడు గానీ యజమాని కాడు కాబట్టి అతనికీ రాదు. అతను నడుపుతూ తన తప్పుతో ప్రమాదం జరిగి ప్రాణం పోతే ఈ 15 లక్షలు ఎవరికీ అందవు. థర్డ్ పార్టీ కింద అడుగుదామా అంటే, యజమాని బండి తీసుకుని నడిపేవాడు యజమాని స్థానంలోకే వస్తాడని కోర్టులు చెప్పాయి, అతను మూడో మనిషి కాడు. కొడుకు పేరున ఆర్సీ ఉంటే ఈ చిక్కే లేదు. అతనికి అప్పటికే తన బైకు మీద 15 లక్షల వ్యక్తిగత ప్రమాద పాలసీ విడిగా ఉంటే కారుకు మళ్లీ కట్టక్కర్లేదు, 2019 నుంచి ఆ వెసులుబాటు ఉంది. ఈ కేసులో లేదు, కాబట్టి తీసుకున్నాడు.

నో క్లెయిమ్ బోనస్ లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. మామూలుగా ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. బండి అమ్మితే కొన్నవాడికి రాదు. మరణానికి మాత్రం మినహాయింపు ఉంది. పాలసీదారు పోయాక బండి ఆయన భార్య లేదా భర్తకు, పిల్లలకు, తల్లిదండ్రులకు వస్తే ఆయన సంపాదించిన బోనస్ వాళ్లకే చెందుతుంది. ఆ జాబితా అంతటితో ఆగుతుంది. అల్లుడు, తమ్ముడు, మనవడు అందులో లేరు. అల్లుడి పేరున పెట్టుకుంటే ఈ కారు మీద 25 శాతం పోయి 7,434 బదులు 9,912 కట్టాలి. కౌంటర్లో చాలామందికి ఈ మినహాయింపు గుర్తుండదు, పేరు మారింది కాబట్టి బోనస్ సున్నా అని కోట్ ఇస్తారు. తండ్రి బోనస్ కొనసాగించమని దరఖాస్తులో రాసి, డెత్ సర్టిఫికెట్, బంధుత్వం చూపే ధ్రువపత్రం జతచేయాలి.

కాగితాలు ఎక్కడ ఆగాయి

డెత్ సర్టిఫికెట్ జులై 16నే చేతికొచ్చింది. తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, దాని నకలు జతచేసి ఆర్టీవో ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుంటే 30 రోజుల షరతు తీరేది. అది ఎవరికీ తట్టలేదు. ప్రమాదం తర్వాతే కదిలారు. ఆ లెక్కన ఆగస్టు 3 తర్వాత కారు రోడ్డు మీద తిరిగిన రోజులకు 56వ నియమం ఇచ్చే రక్షణ లేనట్టే. అదృష్టం కొద్దీ ట్రాలీ ప్రమాదంలో ఎదుటివారికి నష్టం జరగలేదు.

మీసేవలో తహసీల్దారు కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి పెట్టిన దరఖాస్తులో భార్య, కొడుకు, కూతురు పేర్లే రాశారు. రేషన్ కార్డులో ఉన్నవాళ్లని చూసి రాయడం అలవాటు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగమనిషికి మొదటి తరగతి వారసుల్లో తల్లి కూడా ఉంటుంది. తండ్రి ఉండడు, తల్లి ఉంటుంది. ఆయన అన్న ఇంట్లో ఉంటున్న ఆ పెద్దావిడకూ కారులో సమాన వాటా ఉంది. వీఆర్వో విచారణకు వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడి ధ్రువపత్రం సవరించడానికి పది రోజులు పట్టింది. ఎవరూ పట్టుకోకుండా పని జరిగిపోయే కేసులు ఉంటాయి. వాటిలో ఏళ్ల తర్వాత కారు పూర్తిగా పోయి టోటల్ లాస్ చెక్కు వచ్చినప్పుడు గొడవ మొదలవుతుంది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో వారసుల జాబితా వేరుగా ఉంటుంది, దీన్నే వాటికి పెట్టకూడదు.

కూతురి నిరభ్యంతరం మరో ఆలస్యం. ఆమె వాట్సాప్‌లో సంతకం చేసి పంపిన స్కాన్ కాపీని ఆఫీసులో తీసుకోలేదు. అఫిడవిట్ ప్రింటు తీసి, భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి కొరియర్ చేయాల్సి వచ్చింది. విదేశాల్లో వారసులు ఉన్న ఇళ్లలో మూడు నెలల్లో ఎక్కువ భాగాన్ని తినేసేది ఈ ఒక్క కాగితమే. దినకార్యాలకు వాళ్లు వచ్చినప్పుడే ఇక్కడి నోటరీ దగ్గర సంతకం పెట్టించుకోవడం తేలిక. ఆ సమయంలో అడగడానికి నోరు రాదు, అదీ నిజమే.

పేర్లలో తేడా ఎలాగూ ఉంది. ఆర్సీలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డెత్ సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు. రెండూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించారు. హైపోథికేషన్ తీయడానికి బ్యాంకు ఇచ్చిన క్లియరెన్సు ఉత్తరం, ఫారం 35 రెండు ప్రతులు జతచేశారు. ఇది ఆర్సీలో తీసేసి పాలసీలో వదిలేస్తే రేపు కారు పూర్తిగా పోయినప్పుడు డబ్బు లోను లేని బ్యాంకు పేరున వస్తుంది. పాలసీలోనూ తీయించాలి. పెండింగ్ చలాన్లు రెండు ఉన్నాయి, అవి కట్టేశాకే ఫైలు కదిలింది. కేంద్ర నియమాల ప్రకారం కారు పేరు మార్పిడి ఫీజు 300 రూపాయలు, దాని మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు.

ఆర్సీలో నామినీ ఉండి ఉంటే ఇందులో చాలా భాగం తప్పేది. 2021లో కేంద్రం నియమాలు సవరించి, యజమాని బతికుండగా ఆర్సీలో నామినీ పేరు చేర్చుకునే వీలు ఇచ్చింది. యజమాని పోతే నామినీ డెత్ సర్టిఫికెట్, తన గుర్తింపు పత్రాలతో పేరు మార్చుకోవచ్చు. 30 రోజుల సమాచారం, మూడు నెలల ఫారం 31 గడువు మాత్రం నామినీకీ వర్తిస్తాయి. ఇన్సూరెన్సు పాలసీలో ఉండే నామినీ ఇది కాదు. అది వ్యక్తిగత ప్రమాద సొమ్ము ఎవరికివ్వాలో చెప్పేది. దాన్ని చూపించి ఆర్సీ మారదు.

కొన్ని ఇళ్లలో ఈ తిప్పలన్నీ చూసి, కారు మనకెందుకు అమ్మేద్దాం అనుకుంటారు. డీలరు “సంతకాలు నేను చూసుకుంటా” అంటాడు. అమ్మకానికి వాడే ఫారం 29, 30ల మీద అమ్మేవాడి సంతకం ఉండాలి. పోయిన మనిషి తరఫున దాన్ని ఎవరు పెట్టినా ఫోర్జరీయే. పైగా 2018లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం ప్రమాద పరిహారం విషయంలో యజమాని అంటే ఆర్సీలో పేరున్నవాడే, కారు ఎన్ని చేతులు మారినా. అమ్మేదైనా ముందు వారసుడి పేరుకు మార్చి, అతని సంతకంతో అమ్మాలి.

సర్దుబాటు ఎలా జరిగింది

ఫారం 31 సెప్టెంబరు 26న దాఖలైంది, గడువుకు ఎనిమిది రోజుల ముందు. థర్డ్ పార్టీ కంపెనీకి సెప్టెంబరు 30న పాలసీ మార్పిడి దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర తీసుకున్నారు. ఆర్సీ రాకపోయినా ఇది అక్టోబరు 4 లోపు చేరడం ముఖ్యం. షరతు అడిగింది మూడు నెలల్లో దరఖాస్తు, ఆ లోపు పేరు మారినట్టు చూపే ఎండార్స్‌మెంట్ కాగితం చేతికి రావాలని కాదు. ఆ ముద్ర లేకపోతే అక్టోబరులో ఎవరినైనా గుద్దినప్పుడు కంపెనీకి ఒక వాదన దొరుకుతుంది. కోర్టు బాధితుడికి ముందు కంపెనీ చేతే ఇప్పించినా, ఆ డబ్బు తర్వాత కుటుంబం నుంచి రాబట్టుకోమనే అవకాశం ఉంటుంది. ఇన్సూరెన్సు లేకుండా నడిపితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. పరిహారం లక్షల ముందు ఆ జరిమానా చిల్లర.

కొడుకు పేరున ఆర్సీ అక్టోబరు 18న వచ్చింది. ఆ తేదీ నుంచి 14 రోజుల్లో కొత్త ఆర్సీ నకలు థర్డ్ పార్టీ కంపెనీకి ఇవ్వాలి. చట్టంలోని 157వ సెక్షన్ ప్రకారం బండి మారినప్పుడు పాలసీ కూడా మారినట్టే అని కొందరు ధీమాగా ఉంటారు. అది థర్డ్ పార్టీ బాధ్యతకే వర్తిస్తుందని, సొంత బండి నష్టానికి కాదని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. సొంత కారు సొట్ట బాగుచేయించుకోవాలంటే పేరు పాలసీలో నిజంగానే మారాలి.

ఇక ఓన్ డ్యామేజ్. తండ్రి బోనస్ నిలవాలంటే అసలు పాలసీ గడువు తీరిన ఆగస్టు 21 నుంచి 90 రోజుల్లో, అంటే నవంబరు 19 లోపు కొత్త పాలసీ మొదలవ్వాలి. మధ్యలో కవరు తెగింది కాబట్టి కారును పరీక్షించాకే ఇస్తారు. అందుకే ముందు రిపేరు పూర్తి చేయించారు. ముక్కు వంగిన కారును చూపిస్తే ఆ భాగాన్ని ఫోటో తీసి కవరు నుంచి మినహాయిస్తారు, తర్వాత బాగుచేయించినా ఆ మినహాయింపు తీయించుకునేదాకా ఉండిపోతుంది. రిపేరు బిల్లుల నకళ్లు కూడా పరీక్షకు వచ్చినవాడికి చూపించారు.

కొత్త కంపెనీ సిస్టంలో కారు నంబరు కొట్టగానే 2025 ఆగస్టు దాకా ఓన్ డ్యామేజ్ ఉన్నట్టు చూపించింది. తండ్రి పేరున ఆగస్టులో పుట్టిన చెల్లని పాలసీ అది, రద్దయినా రికార్డులో ఇంకా కనబడుతోంది. పాత కంపెనీ నుంచి ఒక ఉత్తరం తేవాల్సి వచ్చింది: ఆ పాలసీ మొదటి నుంచి రద్దయింది, దాని కింద రూపాయి కూడా క్లెయిమ్ చెల్లించలేదు, 2023-24 పాలసీలో క్లెయిములు లేవు. చివరి రెండు వాక్యాలు లేకపోతే సెప్టెంబరులో నమోదైన క్లెయిమ్ చూసి బోనస్ ఆపేసేవారు. అక్టోబరు 24న కొడుకు పేరున, 25 శాతం బోనస్‌తో పాలసీ మొదలైంది. ఆగస్టు 22 నుంచి అక్టోబరు 23 దాకా 63 రోజులు కారుకు సొంత నష్టం కవరు లేదు.

థర్డ్ పార్టీ ఎండార్స్‌మెంట్ వారం తర్వాత వచ్చింది. మొదటి పేజీలో కొడుకు పేరు సరిగ్గానే ఉంది, హైపోథికేషన్ తీసేశారు. రెండో పేజీలో నామినీ గడిలో మాత్రం తల్లి పేరు పక్కన పాలసీదారుతో బంధుత్వం ‘భార్య’ అని పాతదే మిగిలిపోయింది. తండ్రికి ఆమె భార్య, కొడుక్కి అమ్మ. దాన్ని ‘తల్లి’గా మార్పించడానికి ఇంకో మెయిలు, ఇంకో నాలుగు రోజులు.